పోయినవారి ఫేస్‌బుక్ ఖాతాకు తాళం వేయించే ముందు

మా బాబాయి పోయిన రెండున్నర నెలలకు ఆయన పుట్టినరోజు వచ్చింది. పొద్దున్నే పిన్ని ఫోన్ మోగింది. ఈరోజు ఆయన పుట్టినరోజు, శుభాకాంక్షలు చెప్పండి అని ఫేస్‌బుక్ గుర్తుచేస్తోంది. పిన్ని నాకు ఫోన్ చేసి, "ఆ ఖాతా తీసేయించు నాన్నా, నా వల్ల కాదు" అంది. గంట తర్వాత వాళ్లబ్బాయి, అంటే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అమ్మ చెప్పిందని తొందరపడి ఏమీ చేసేయకు. నాన్న ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి" అన్నాడు.

ఇద్దరూ అడిగింది న్యాయమే. ఇద్దరికీ సరిపోయే దారి కూడా ఉంది. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలియకుండా ఫారం నింపితే కొన్ని పనులు ఇక ఎప్పటికీ కుదరవు. ఆ పని నేను ఒకసారి చేశాను కాబట్టి, ఎక్కడ ఆగి చూసుకోవాలో వరుసగా చెబుతాను. ఎక్కువ భాగం ఫేస్‌బుక్ గురించే ఉంటుంది. మిగతావాటి సంగతి చివర్లో కొంచెం.

మెమోరియలైజ్ చేస్తే ఏమవుతుంది

ఎవరైనా చనిపోయారని ఆధారంతో తెలియజేస్తే ఫేస్‌బుక్ ఆ ఖాతాను మెమోరియలైజ్ చేస్తుంది, అంటే స్మారక ఖాతాగా మారుస్తుంది. అప్పుడు పేరు దగ్గర Remembering అన్న మాట చేరుతుంది. ఆయన పెట్టిన ఫొటోలు, పోస్టులు అలాగే ఉంటాయి. ఏ పోస్టు ఎవరికి కనబడేలా పెట్టారో వాళ్లకే కనబడుతుంది, అందులో మార్పు ఉండదు. పుట్టినరోజు గుర్తుచేయడం ఆగిపోతుంది. 'మీకు తెలిసినవారు కావచ్చు' అంటూ చూపించే వరుసలో ఆ ముఖం ఇక రాదు.

అసలు మార్పు లోపల జరుగుతుంది. ఆ ఖాతాలోకి ఇక ఎవరూ లాగిన్ కాలేరు. పాస్‌వర్డ్ తెలిసినా, ఫోన్ చేతిలో ఉన్నా, భార్య అయినా కొడుకు అయినా అంతే. పోయినవారి పేరుతో ఎవరూ రాయకుండా ఈ కట్టుబాటు పెట్టారు. మంచిదే. కానీ అదే తాళం ఇంట్లోవాళ్లకూ పడుతుంది.

ఈ అభ్యర్థన ఎవరు పంపవచ్చు అన్నది చాలామందికి తెలియదు. కుటుంబసభ్యులే కానక్కర్లేదు, స్నేహితులు కూడా పంపవచ్చు. 2019కి ముందు ఈ విషయంలో ఇంకా వదులుగా ఉండేది. ఆ ఏడాది నుంచి స్నేహితులకూ కుటుంబానికీ మాత్రమే పరిమితం చేశారు. ఎంత పరిమితం చేసినా, బాబాయికి ఫేస్‌బుక్‌లో ఆరు వందల మంది స్నేహితులు. వాళ్లలో ఎవరో ఒకరు మంచి మనసుతోనే మనకంటే ముందు పంపేస్తే, మనం ఆలోచించుకునే లోపే తాళం పడిపోతుంది. అందుకని మొదటి వారంలోనే దగ్గరివాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి: "ఖాతా సంగతి మేం చూసుకుంటాం, మీరెవరూ రిపోర్ట్ చేయకండి."

మొదటి పని: ఎన్ని ఖాతాలున్నాయో చూడండి

ఇది చిన్న పనిలా అనిపిస్తుంది కానీ మాకు ఇక్కడే తొలి ఆశ్చర్యం ఎదురైంది. బాబాయికి రెండు ఖాతాలున్నాయి. పాస్‌వర్డ్ మరిచిపోయి వదిలేసిన పాతది ఒకటి, రోజూ వాడేది ఒకటి. రెండిట్లోనూ అదే పేరు, దాదాపు అదే ఫొటో. ఒకదానికి పంపిన అభ్యర్థన రెండోదానికి వర్తించదు, దేనికది పంపాలి.

పేరు వెతికి, ప్రొఫైల్ తెరిచి, మూడు చుక్కల మీద నొక్కితే లింకును కాపీ చేసుకునే వీలుంటుంది. ఆ లింకును ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఫారంలో పేరుతో పని జరగదు, లింకే కావాలి. అదే పేరుతో వందలమంది ఉంటారు కదా. ఈ వెతుకులాటలో ఆయన ఫొటో పెట్టుకుని వేరెవరో తెరిచిన నకిలీ ఖాతా కనబడితే దాన్ని దీంతో కలపకండి. అది వేరే ఫిర్యాదు, ప్రొఫైల్‌లోనే నకిలీ ఖాతా అని రిపోర్ట్ చేసే దారి ఉంటుంది.

రెండో పని: ఉంచాలా, తీసేయించాలా

పిన్ని "తీసేయించు" అన్నప్పుడు నేను వెంటనే ఊఁ అనలేదు. నిన్ను బాధపెడుతున్నది ఏమిటి పిన్నీ అని అడిగాను. పుట్టినరోజు మోత, ఆయన పేరు పక్కన పచ్చచుక్క వస్తుందేమోనన్న భయం. ఈ రెండిటికీ మెమోరియలైజ్ చేస్తే చాలు.

పూర్తిగా తీసేయించడం వేరు. ఫొటోలు, పోస్టులు, వాటి కింద ఆయన రాసిన జవాబులు అన్నీ పోతాయి, తిరిగి రావు. దాన్ని అడిగే హక్కు కూడా అందరికీ లేదు. తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువుల వంటి దగ్గరి కుటుంబసభ్యులు గానీ, వీలునామా అమలు చేసే వ్యక్తి గానీ ఆధారం చూపించి అడగాలి. స్నేహితుడు అడిగితే కుదరదు.

నా సలహా ఏమిటంటే, ఇంట్లో రెండు అభిప్రాయాలుంటే మెమోరియలైజ్ చేయించి ఆగండి. మెమోరియలైజ్ అయిన ఖాతాను తర్వాతెప్పుడైనా తీసేయమని అడగవచ్చు. తీసేసినదాన్ని తిరిగి పెట్టమని అడగలేం. ఏడాది పోయాక పిన్ని అప్పటికీ వద్దంటే అప్పుడు చూద్దాం అని మా తమ్ముడితో అన్నాను. వాడు ఒప్పుకున్నాడు.

ఒక సంగతి ఇక్కడే గమనించాలి. తాను పోయాక ఖాతాను శాశ్వతంగా తీసేయాలని మనిషి బతికుండగానే సెట్టింగ్స్‌లో ఎంచుకునే వీలుంది. ఆయన అలా ఎంచుకుని ఉంటే, మీరు మెమోరియలైజ్ చేయమని మరణవార్త పంపినా ఫలితం తొలగింపే అవుతుంది. ఆయన ఏం ఎంచుకున్నారో బయటివాళ్లకు కనబడదు. కాబట్టి ఏ అభ్యర్థన పంపే ముందైనా మూడో పని పూర్తిచేయండి.

మూడో పని: కనబడేవన్నీ దాచుకోండి

మీ సొంత ఖాతాలోంచి ఆయన ప్రొఫైల్ తెరిచి, మీకు కనబడే ఫొటోలు, వీడియోలు దించుకోండి. ఒక్కరు చేస్తే చాలదు. భార్యకు కనబడేవి కొడుకుకు కనబడకపోవచ్చు, స్నేహితులకు మాత్రమే పెట్టినవి బంధువుకు కనబడకపోవచ్చు. మా ఇంట్లో ముగ్గురం కూర్చుని మూడు ఫోన్లలో చూశాం. బాబాయి చేతిరాతతో వేసిన చదరంగం ఎత్తుల పటాలు నాకు ఒక్కటీ కనబడలేదు. తమ్ముడి ఫోన్‌లో నలభై దాకా ఉన్నాయి.

ఆయన నడిపిన పేజీలేమైనా ఉన్నాయా అని కూడా చూడండి. పేజీ అంటే సొంత ప్రొఫైల్ కాదు, దుకాణానికో సంస్థకో పాఠాలకో పెట్టుకునేది. ఆ పేజీకి ఆయన ఒక్కరే అడ్మిన్ అయితే, ఖాతాను మెమోరియలైజ్ చేసినప్పుడు పేజీ కూడా ఫేస్‌బుక్ నుంచి తొలగిపోతుంది. బాబాయి పిల్లలకు చదరంగం నేర్పుతూ ఒక పేజీ నడిపేవారు. అడ్మిన్ ఆయనొక్కరే. మేం దాన్ని నిలబెట్టలేకపోయాం. ముందే చూసుకున్నాం కాబట్టి అందులోని వీడియో పాఠాలు మాత్రం దక్కాయి.

"పిన్ని దగ్గర బాబాయి ఫోన్ ఉందిగా, అందులో ఖాతా తెరిచే ఉందిగా, ఇంకొకరిని అడ్మిన్‌గా పెట్టేస్తే సరి" అని ఎవరైనా అంటారు. వేరొకరి ఖాతాలో లాగిన్ అయి వాడటం ఫేస్‌బుక్ నిబంధనలకు విరుద్ధం. అందుకే ఆ దారి నేను చెప్పను. మీరు పేజీ నడిపేవారైతే మాత్రం, మీరుండగానే రెండో మనిషికి పూర్తి అధికారం ఇచ్చి ఉంచండి. ఆ పనికి రెండు నిమిషాలు పడుతుంది.

నాలుగో పని: కాగితాలు

మెమోరియలైజ్ చేయించడానికి మరణాన్ని చూపే ఆధారం ఒకటి కావాలి. మరణ ధ్రువీకరణ పత్రం గానీ, పత్రికలో వచ్చిన సంతాప ప్రకటన గానీ, సంస్మరణ కార్డు గానీ సరిపోతుంది.

తీసేయించాలంటే గట్టి ఆధారం అడుగుతారు. మరణ ధ్రువీకరణ పత్రం స్కాన్ ఉంటే పని తేలిక. అది లేకపోతే రెండు కాగితాలు పెట్టాలి. ఒకటి మీకు ఆ అధికారం ఉందని చూపేది: వీలునామా, ఆస్తి వ్యవహారాలకు అధికారమిచ్చే పత్రం, పోయినది మీ బిడ్డ అయితే జనన ధ్రువీకరణ పత్రం, ఇలాంటివి. రెండోది మరణాన్ని చూపేది: సంతాప ప్రకటన లేదా సంస్మరణ కార్డు. ఈ రెండిట్లోని వివరాలు ఒకదానితో ఒకటి కలవాలి, ఖాతాలో ఉన్నవాటితోనూ కలవాలి.

కలవాలి అన్న ఆ ఒక్క మాట దగ్గరే మేం బోల్తాపడ్డాం. తప్పు మాదే. బాబాయి ప్రొఫైల్‌లో ఉన్నది అందరూ పిలిచే ముద్దుపేరు. ధ్రువీకరణ పత్రంలో ఉన్నది ఇంటిపేరుతో సహా పూర్తిపేరు. రెండిటికీ ఒక్క అక్షరం కూడా పోలిక లేదు. మొదటిసారి ధ్రువీకరణ పత్రం ఒక్కటే జతచేసి పంపాను, పని జరగలేదు. చూసేవాళ్లకు ఆ కాగితంలోని మనిషీ ఈ ప్రొఫైల్‌లోని మనిషీ ఒక్కరే అని ఎలా తెలుస్తుంది? రెండోసారి మా తమ్ముడు పత్రికలో వేయించిన సంతాప ప్రకటన దొరికింది. అందులో పూర్తిపేరు, పక్కన ముద్దుపేరు, ప్రొఫైల్‌లో ఉన్న ఫొటోయే ఉన్నాయి. దాన్ని పంపాక పని జరిగింది.

కాబట్టి పంపే ముందు ప్రొఫైల్‌ను, కాగితాన్ని పక్కపక్కన పెట్టుకుని పేరు, పుట్టినతేదీ, ఊరు కలుస్తున్నాయా అని చూడండి. చాలామంది పుట్టినతేదీ ఫేస్‌బుక్‌లో సరదాగా ఏదో ఒకటి ఇచ్చి ఉంటారు. అలా తేడా ఉంటే రెండు పేర్లనూ కలిపే కాగితం ఒకటి వెతకండి. కాగితం మీద గుర్తింపు సంఖ్యల వంటి సున్నితమైన వివరాలుంటే స్కాన్‌లో వాటిని కప్పేయవచ్చు. పేరు, మరణించిన తేదీ మాత్రం స్పష్టంగా ఉండాలి.

ఐదో పని: ఫారం

ఫేస్‌బుక్ సహాయ విభాగంలో Memorialization Request అని వెతకండి. అది చిన్న ఫారం. ఎవరి ఖాతా అన్నచోట దాచుకున్న లింకు పెట్టాలి, ఎప్పుడు పోయారో తేదీ ఇవ్వాలి, ఆధారం జతచేయాలి, మీ ఈమెయిల్ రాయాలి. తీసేయించడానికి, ఇంకేదైనా అడగడానికి వేరే ఫారం ఉంది. దాని పేరు కాస్త పొడుగు:

```
Special Request for Medically Incapacitated
or Deceased Person's Account
```

దేనికీ రుసుము లేదు. డబ్బిస్తే పోయినవారి ఖాతా తెరిపిస్తామని ఎవరైనా దగ్గరకు వస్తే అది మోసమే. లాగిన్ వివరాలను ఫేస్‌బుక్ ఎవరికీ ఇవ్వదు, కన్నతల్లికి కూడా.

మీ ఈమెయిల్‌కు జవాబు వస్తుంది, స్పామ్ పెట్టె కూడా చూస్తూ ఉండండి. పని అయిందని తెలిసేది ప్రొఫైల్‌లోనే: పేరు దగ్గర Remembering కనబడుతుంది. కనబడగానే రెండో ఖాతా సంగతి మరిచిపోకండి. మేం మరిచిపోయాం, మళ్లీ పంపాల్సి వచ్చింది.

పొరపాటున బతికున్నవారి ఖాతా మెమోరియలైజ్ అయితే దాన్ని సరిదిద్దమని అడగడానికీ దారి ఉంది. 2016 నవంబరులో ఒకరోజు ఏదో లోపం వల్ల ఎంతోమంది బతికున్నవారి ప్రొఫైళ్ల మీద స్మారక సందేశం కనబడింది. వాళ్లలో ఫేస్‌బుక్ వ్యవస్థాపకుడు మార్క్ జుకర్‌బర్గ్ కూడా ఒకరు!

లెగసీ కాంటాక్ట్ ఉంటే

2015లో ఫేస్‌బుక్ ఈ ఏర్పాటు తెచ్చింది. తాను పోయాక ఖాతాను ఎవరు చూసుకోవాలో మనిషి ముందే ఎంచి పెట్టుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లే ఇలా ఎంచుకోగలరు. ఖాతా మెమోరియలైజ్ అయ్యాక కొత్తగా ఒకరిని పెట్టడం కుదరదు. బాబాయి ఎవరినీ పెట్టలేదు. అందువల్ల ఆయన ప్రొఫైల్ ఫొటో ఎప్పటికీ అదే, తలకు తువ్వాలు చుట్టుకుని కళ్లు సగం మూసుకున్నది. పిన్నికి ఆ ఫొటో అస్సలు నచ్చదు. ఏం చేయలేం.

లెగసీ కాంటాక్ట్ ఉండి ఉంటే ప్రొఫైల్ ఫొటో, కవర్ ఫొటో మార్చగలిగేవారు. పైన అందరికీ కనబడేలా ఒక పోస్టు పెట్టగలిగేవారు. కొత్తగా వచ్చిన ఫ్రెండ్ రిక్వెస్టులకు జవాబివ్వగలిగేవారు. నివాళులకు కేటాయించిన విభాగంలో ఎవరు రాయవచ్చో, ఎవరు చదవవచ్చో తేల్చగలిగేవారు, బాగోలేనివి తీసేయగలిగేవారు. కావాలనుకుంటే ఖాతాను తీసేయమని అడగగలిగేవారు.

ఇంకొక వీలు కూడా ఉంది కానీ దానికి యజమాని ముందుగా అనుమతి ఇచ్చి ఉండాలి. ఆయన పంచుకున్న ఫొటోలు, వీడియోలు, పోస్టులు, స్నేహితుల జాబితా మొత్తం ఒక ప్రతిగా దించుకోవచ్చు. సందేశాలు మాత్రం అందులో రావు. లెగసీ కాంటాక్ట్ అయినా ఆయనలా లాగిన్ కాలేరు, ఇన్‌బాక్స్ చదవలేరు, ఉన్న స్నేహితులను తీసేయలేరు.

సందేశాలు కావాలంటే

అందరూ చివరికి వచ్చి ఆగేది ఇక్కడే. మామూలు అభ్యర్థనతో ఇన్‌బాక్స్ ఇవ్వరు. అరుదైన సందర్భాల్లో అదనపు సమాచారం కోసం అడిగితే పరిశీలిస్తారు. దానికి మీరు అధికారమున్న ప్రతినిధి అని చూపాలి, కోర్టు ఉత్తర్వు తేవాలి. తెచ్చినా ఇస్తామన్న హామీ లేదు.

అది ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే జర్మనీలో నడిచిన ఒక కేసు చూడండి. 2012లో బెర్లిన్‌లో పదిహేనేళ్ల అమ్మాయి భూగర్భ రైలు కింద పడి చనిపోయింది. ప్రమాదమో ఆత్మహత్యో తెలియదు. ఆమె సందేశాలు చూస్తే తెలుస్తుందని తల్లిదండ్రుల ఆశ. పాస్‌వర్డ్ వాళ్లకు తెలుసు, అమ్మాయే ఇచ్చింది. తీరా లాగిన్ కాబోతే ఖాతా అప్పటికే మెమోరియలైజ్ అయి ఉంది. తల్లి కోర్టుకెళ్లింది. 2015లో కింది కోర్టు ఆమె వైపు తీర్పిచ్చింది. 2017లో పైకోర్టు, అవతల రాసినవారి గోప్యత మాటేమిటని, దాన్ని తోసేసింది. 2018 జూలై 12న జర్మనీ అత్యున్నత కోర్టు, ఖాతా ఒప్పందం కూడా ఉత్తరాలూ డైరీల లాగే వారసులకు చెందుతుందని తేల్చింది. అంతటితో అయిపోలేదు. ఫేస్‌బుక్ ఒక యూఎస్‌బీ స్టిక్‌లో పద్నాలుగు వేల పేజీలు దాటిన పీడీఎఫ్ పెట్టి ఇచ్చింది. 2020 ఆగస్టులో అదే కోర్టు, అలా కుదరదు, అమ్మాయి చూసినట్టే ఖాతాను లోపలికెళ్లి చూడనివ్వాలి, కాకపోతే ఆ పేరుతో కొత్తగా ఏమీ రాయకూడదు అంది. మొదటి నుంచి చివరిదాకా ఎనిమిదేళ్లు. అది జర్మనీ వారసత్వ చట్టం మీద నడిచిన తీర్పు. మీ చట్టం ఏమంటుందో మీ వకీలే చెప్పాలి.

మిగతా చోట్ల

ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఇదే పద్ధతి: ఆధారం పంపితే మెమోరియలైజ్ చేస్తారు, దగ్గరి కుటుంబం అడిగితే తీసేస్తారు. ఫేస్‌బుక్‌కు పంపితే ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా అయిపోతుందనుకోకండి, విడిగా పంపాలి. గూగుల్‌లో స్మారక ఖాతా లేదు. ఖాతా మూయమని గానీ, కొంత సమాచారం ఇమ్మని గానీ కుటుంబం అడగవచ్చు. మనిషి ముందే Inactive Account Manager పెట్టుకుని ఉంటే, ఎన్ని నెలలు వాడకపోతే ఎవరికి ఏది వెళ్లాలో అదే పంపిస్తుంది. యాపిల్‌లో ముందే ఎంచిన లెగసీ కాంటాక్ట్ దగ్గర ఒక తాళంకోడ్ ఉంటుంది. దాన్ని, మరణ ధ్రువీకరణ పత్రాన్ని చూపితే మూడేళ్లపాటు ఫొటోలు, ఫైళ్ల వంటివి తీసుకోవచ్చు. దాచిన పాస్‌వర్డులు మాత్రం రావు.

పిన్ని అడిగిన ఆఖరి మాట

పని అయిపోయి Remembering కనబడ్డాక పిన్ని నెమ్మదిగా అడిగింది: "మరి ఆయన నాకు రాసినవి?" ఇన్‌బాక్స్ దొరకదని అప్పటికే చెప్పి ఉన్నాను, అందుకే అడగడానికి మొహమాటపడింది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బాబాయి పిన్నికి పంపిన ప్రతి సందేశం పిన్ని ఇన్‌బాక్స్‌లో కూడా ఉంటుంది. అది పిన్ని ఖాతా, పిన్నిదే. ఆయన ఖాతా మెమోరియలైజ్ అయినా, రేపు తీసేసినా, అటునుంచి వచ్చినవి ఇటువైపు నిలిచే ఉంటాయి.

పిన్ని ఖాతాలో సెట్టింగ్స్‌కు వెళ్లి Download your information తెరిచాం. అన్నీ అక్కర్లేదు, సందేశాలు మాత్రమే ఎంచుకున్నాం. తేదీల దగ్గర మొదటి నుంచి చివరి వరకు అని పెట్టాం, లేకపోతే ఈమధ్యవే వస్తాయి. HTML, JSON అని రెండు రకాలు అడుగుతుంది. HTML పెట్టండి, మామూలు బ్రౌజర్‌లో తెరిచి చదువుకోవచ్చు. కాసేపటికి ఫైలు సిద్ధమైంది, ల్యాప్‌టాప్‌లోకి దించి తెరిచాం. మొదటి పేజీలో కొత్త సందేశాలు, వెనక్కి వెళ్లేకొద్దీ పాతవి. పిన్ని కళ్లజోడు పెట్టుకుని, నన్ను కాస్త పక్కకు జరగమని చెప్పి, ఆఖరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.